ఉప్పు, చక్కెర, రాగి: పట్టికలో మొదటి వరుస

పరీక్షల ముందు రసాయన బంధాల పట్టికను బట్టీ పట్టిన పిల్లలు ఒక గడి మరిచిపోతే పక్క గడిలోది రాసేస్తారు. నిజానికి గుర్తుపెట్టుకోవలసింది మొదటి వరుసే. బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్లు ఏమయ్యాయో తెలిస్తే మిగతా వరుసలను దాన్నుంచే రాబట్టుకోవచ్చు.

| | అయానిక (ఉప్పు) | సమయోజనీయ (చక్కెర) | లోహ (రాగి) |
|---|---|---|---|
| ఎలక్ట్రాన్లు | సోడియం ఇచ్చింది, క్లోరిన్ తీసుకుంది | రెండు పరమాణువులు పంచుకున్నాయి | లోహమంతటా తిరుగుతాయి |
| ఘనరూపంలో విద్యుత్ | ప్రవహించదు | ప్రవహించదు | ప్రవహిస్తుంది |
| నీటిలో కరిగితే విద్యుత్ | ప్రవహిస్తుంది | ప్రవహించదు | నీటిలో కరగదు |
| సుత్తితో కొడితే | పగులుతుంది | పగులుతుంది | సాగుతుంది |

ఉప్పు గళ్లను పైనుంచి కిందికి చదవండి. ఎలక్ట్రాన్ చేతులు మారాక మిగిలినవి ధన, రుణ అయాన్లు. గట్టి ఉప్పురాయిలో అవి ఎక్కడివక్కడే బిగుసుకుని ఉంటాయి కాబట్టి విద్యుత్ సాగదు. నీటిలో కరిగినా, 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ద్రవమైనా అయాన్లకు కదలిక వస్తుంది. ఉప్పునీటిలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లని రాస్తే తప్పు; మోసేవి అయాన్లు. చక్కెర నీటిలో కరిగినా విడిపోయేవి ఆవేశం లేని అణువులే. అందుకే అందులో బల్బు వెలగదు.

ఇక సుత్తి దెబ్బ. ఉప్పు స్ఫటికంలో ఒక పొర కాస్త జరిగితే ధన అయాన్ ఎదుటికి ధన అయాన్, రుణ అయాన్ ఎదుటికి రుణ అయాన్ వస్తాయి. ఒకదాన్నొకటి నెట్టుకుని స్ఫటికం పగులుతుంది. రాగిలో పొరలు జరిగినా వాటి మధ్య తిరిగే ఎలక్ట్రాన్లు పట్టు వదలవు. అందుకే రాగిరేకును కొట్టి బిందె చేయగలుగుతున్నారు. తీగలో విద్యుత్తును మోసేవీ ఆ ఎలక్ట్రాన్లే.

ద్రవీభవన స్థానం వరుసను పట్టికలో కావాలనే పెట్టలేదు. సమయోజనీయ బంధం బలహీనం కనుక ఆ పదార్థాలు తేలిగ్గా కరుగుతాయని చాలామంది రాస్తారు. ఐస్‌నే చూడండి. అది 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ కరిగాక కూడా H₂O గానే ఉంటుంది. అణువు లోపలి బంధం తెగలేదు, అణువుల మధ్య ఉన్న ఆకర్షణ మాత్రమే సడలింది. ఇసుకలోని సిలికా కూడా సమయోజనీయమే. అందులో విడి అణువులు లేవు, బంధాల వల స్ఫటికమంతా అల్లుకుని ఉంటుంది. దాన్ని కరిగించాలంటే ఆ బంధాలనే తెంచాలి. అందుకు 1,600 డిగ్రీలు దాటిన వేడి కావాలి.

కాబట్టి ఆ వరుస మీరు రాసుకునేటప్పుడు సమయోజనీయ గడిలో ‘తక్కువ’ అని ఆపకుండా ‘విడి అణువులుంటే తక్కువ, వలగా అల్లుకుంటే చాలా ఎక్కువ’ అని రాయండి.