తాతయ్యకు మనవరాలి ఉత్తరం

(తొమ్మిదో తరగతి అమ్మాయి లేఖారచన పీరియడ్‌లో రాసింది. పెద్దలూ చదవాలని ఇక్కడ ఇస్తున్నాం. – ప్రధానోపాధ్యాయుడు)

తాతయ్యకు నమస్కారాలు.

మీ బ్రహ్మానందం మీమ్ చూసి అన్నయ్య తల పట్టుకున్నాడని మీరు పంపడమే మానేశారట. అమ్మ చెప్పింది.

బొమ్మ బాగోలేక కాదు తాతయ్యా. మీమ్‌లో బొమ్మ పాతదే, మాట మారుతుంది. ఆ ముఖం మాకు ముందే తెలుసు కాబట్టి, కొత్త మాట దానికి ఎలా అతికిందో చూసి నవ్వుతాం. మాట కూడా పాతదైతే, విప్పేసిన పొడుపుకథ మళ్ళీ విన్నట్టే.

పాతదో కాదో మీరే కనిపెట్టొచ్చు. వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాలుంటే అది కనీసం ఐదుసార్లు ఫార్వర్డ్ అయి వచ్చిందని అర్థం. అది మేము చూసేసే ఉంటాం. కానీ బాణం లేనంత మాత్రాన కొత్తదనుకోవద్దు. ఎవరైనా బొమ్మను ఫోన్‌లో దాచుకుని మళ్ళీ పంపితే బాణం పడదు.

కరెంటు పోయిన రోజు అదే బొమ్మ మీద "సీరియల్ చివరి ఐదు నిమిషాల్లో మీ నాయనమ్మ" అని మీరే రాసి పంపారు కదా! ఆ రోజు అన్నయ్య కూడా పడిపడి నవ్వాడు. నాయనమ్మ ముఖం మనకే తెలుసు. ఆ మాట ఇంకెవరూ రాయలేరు.

మానకండి తాతయ్యా. వారానికొకటైనా మీరు రాసింది పంపండి.

మీ మనవరాలు