పదకొండు నెలల అగ్రిమెంటు, పన్నెండు నెలల క్యాలెండరు

సిద్దిపేటలో ఒకే ఇంటిని మూడు నాలుగు పోర్షన్లుగా కిరాయికి ఇచ్చేవాళ్లు గోడ క్యాలెండరు మీద రెండు రకాల తేదీలు రాసుకోవాలి. మరమ్మతులు, సర్వీసింగు ఏటా ఒకే కాలానికి వస్తాయి. అగ్రిమెంట్ల తేదీలు మాత్రం జరుగుతూ పోతాయి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 1999 సవరణ దాకా ఇక్కడ ఏడాదికి మించిన లీజునే తప్పనిసరిగా రిజిస్టరు చేయించాల్సి ఉండేది; ఇప్పుడు తక్కువ కాలం లీజుకూ అది తప్పనిసరే. పాత అలవాటు కొద్దీ మనవాళ్లు ఇప్పటికీ పదకొండు నెలలకే రాసుకుంటారు. ఒక పోర్షన్‌ను 2025 జూన్ 1న ఇచ్చారనుకుందాం. ఆ అగ్రిమెంటు 2026 ఏప్రిల్ 30తో ముగుస్తుంది. తర్వాతది 2027 మార్చి 31తో, దాని తర్వాతది 2028 ఫిబ్రవరి 29తో. అంటే గడువు ఏటా ఒక నెల ముందుకు వస్తోంది. వేసవి సెలవుల్లో ఇల్లు మారదామనుకునే కుటుంబానికి ఫిబ్రవరిలో గడువు తీరితే పిల్లల పరీక్షలు అడ్డొస్తాయి. ఇల్లు ఖాళీ అయినా, బడులు తెరిచే జూన్ వరకు మంచి కిరాయిదారు దొరకడం కష్టం. దీనికి సులువైన దారి ఉంది. 2028 మార్చి 1 నుంచి మే 31 వరకు మూడు నెలలకే ఒక అగ్రిమెంటు రాసుకుంటే, కొత్తది మళ్లీ జూన్ 1న మొదలవుతుంది.

గడువు దాటాక కూడా మీరు కిరాయి తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు అది సాధారణంగా నెలవారీ కిరాయి కింద లెక్కకొస్తుంది. ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. పెంచిన కిరాయి కాగితం మీద ఉండదు కాబట్టి గొడవకు అక్కడే చోటు.

ఇక కాలాన్ని బట్టి వచ్చే పనులు. మిరుగు రాకముందే, మే చివరి వారంలో, స్లాబు మీది నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులూ మట్టీ తీయించాలి. అక్కడ నీళ్లు నిలిస్తే పై పోర్షన్ కప్పులో చెమ్మ దిగుతుంది. అది బయటపడేది వాన పడ్డాకే కాబట్టి సెప్టెంబరులో మరోసారి లోపలికి వెళ్లి గోడమూలలు చూడాలి. వెళ్లేముందు కిరాయిదారుకు ఒకరోజు ముందే చెప్పండి.

గీజర్ల వంతు అక్టోబరులో. బోరు నీళ్లలోని సున్నం ఎలిమెంటుకు పొరగా పడుతుంది. నీళ్లు కాగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతున్నా, లోపల టపటపమని చప్పుడు వస్తున్నా పొర మందమైందని గుర్తు. అన్ని పోర్షన్ల గీజర్లనూ ఒకేరోజు చూపిస్తే మెకానిక్ ఒక్కసారి వస్తే చాలు. ఏసీలుంటే ఇదే పద్ధతి ఫిబ్రవరిలో.

ఇవన్నీ రాసుకునే ముందు బీరువాలోని అగ్రిమెంట్లన్నీ బయటికి తీయండి. ప్రతి గడువుకూ రెండు నెలల ముందున్న తేదీని ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి. ఉంటారా, ఖాళీ చేస్తారా అని అడగాల్సింది ఆ రోజే.