మసకను బట్టి తలల లెక్క

బియ్యం కడిగిన తొలి నీళ్లను గాజు గ్లాసులో పోసి వెనక వేలు పెట్టండి, కనబడదు. మూడోసారి కడిగిన నీళ్లయితే గోరు కూడా కనిపిస్తుంది. ల్యాబులో బ్యాక్టీరియా పెరుగుదలను కొలిచేదీ ఇలా మసకను చూసే.

చిన్న గాజు డబ్బీలో కల్చర్ పోసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడతారు. 600 నానోమీటర్ల కాంతి ఒక వైపు నుంచి వెళ్తుంది. అవతలికి నేరుగా చేరింది ఎంతో చూసి యంత్రం ఒక అంకె చెబుతుంది. దాన్నే ఓడీ అంటారు. పదో వంతు కాంతే చేరితే ఓడీ 1. ఇక్కడ చాలామంది పొరబడతారు: కణాలు ఈ కాంతిని మింగేయడం లేదు, పక్కకు చెదరగొడుతున్నాయి. అసలు తిరకాసు అక్కడే ఉంది.

37 డిగ్రీల దగ్గర ఊపుతూ పెంచుతున్న ఈ.కోలై కల్చర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కొత్త ఆహారానికి అలవాటు పడేదాకా అంకె పెద్దగా కదలదు. తర్వాత 20 నిమిషాలకోసారి చూస్తే 0.10, 0.20, 0.39. ప్రతిసారీ దాదాపు రెట్టింపు. ఆపైన 0.78 రావాల్సింది 0.66 వచ్చింది. ఆ తర్వాత 1.05.

పెరుగుదల మందగించిందా? కొంత నిజం, కొంత యంత్రం మాయ. కణాలు పల్చగా ఉన్నప్పుడు ఒకసారి చెదిరిన కాంతి మళ్లీ డిటెక్టర్ వైపు రాదు. చిక్కబడ్డాక అది దారిలో ఇంకో కణానికి తగిలి, కొంత మళ్లీ డిటెక్టర్‌లోనే పడుతుంది. యంత్రానికి కాంతి ఎక్కువ చేరినట్టే లెక్క, కనుక అంకె తగ్గుతుంది. చాలా యంత్రాల్లో ఈ వంపు 0.4 దాటాక మొదలవుతుంది.

నిజం తేలాలంటే కల్చర్‌ను అదే ఆహార ద్రవంతో ఐదింతలు పలచన చేసి మళ్లీ కొలవాలి. మన 0.66 నమూనా అలా 0.15 చూపింది, అంటే అసలు విలువ 0.75. చివరి 1.05 నమూనా 0.27 చూపింది, అంటే 1.35. మొదటిదానిలో తేడా దాదాపు అంతా యంత్రానిదే. రెండోదానికి 1.5 రావాలి కాబట్టి, అక్కడ కణాలు కూడా నెమ్మదించాయి. పలచన చేయకపోతే ఈ రెంటినీ విడదీయలేం.

మరి ఓడీని కణాల సంఖ్యగా మార్చేదెలా? 0.39 దగ్గరి నమూనాను పది లక్షల రెట్లు పలచన చేసి, 0.2 మిల్లీలీటర్లు అగార్ ప్లేటుపై పరిచారనుకుందాం. మర్నాటికి 62 కాలనీలు. మిల్లీలీటరుకు 31 కోట్లు అన్నమాట. ఓడీ 1కి సుమారు 80 కోట్లు.

ఈ 80 కోట్లను పక్క ల్యాబుకు అరువివ్వకూడదు. డిటెక్టర్ ఎంత దూరంలో ఉందో, ఎంత కోణంలో కాంతిని పట్టుకుంటుందో దాన్ని బట్టి అది మారుతుంది. మీ ల్యాబులోనే రాత్రంతా పెరిగిన కల్చర్‌కూ చెల్లదు. ఆకలి మీదున్న కణాలు చిన్నవి, ఒక్కోటి చెదరగొట్టే కాంతి తక్కువ. పైగా చచ్చిన కణం మసకను పెంచుతుందే తప్ప ప్లేటు మీద కాలనీ కట్టదు. ఆ కల్చర్‌కు మళ్లీ ప్లేట్లు వేసుకోవాల్సిందే.