పదకొండు కడితే పన్నెండోది ఉచితమేనా?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు ఇళ్లలో పెళ్లీడు పిల్లలుంటే బషీర్‌బాగ్‌లోనో అబిడ్స్‌లోనో ఒక నగల షాపులో నెలనెలా కట్టే స్కీము గురించి మాట రాక మానదు. ‘పదకొండు నెలలు మనం కడితే పన్నెండో వాయిదా షాపువాళ్లే వేస్తారు, బ్యాంకు కంటే ఎంతో మేలు’ అన్నది వాటి మీద స్థిరపడిన నమ్మకం. ఇందులో మొదటి సగం చాలా స్కీముల్లో నిజమే. తేడా వచ్చేది ఆ బోనస్‌ను వడ్డీగా లెక్కేసుకోవడంలో. అది అదే షాపులో, వాళ్లు చెప్పిన తరుగుకు, వాళ్లు ఒప్పుకున్న రకం నగే కొంటేనే దక్కే తగ్గింపు.

నెలకు 5,000 చొప్పున పదకొండు నెలలు కట్టారనుకుందాం. మొత్తం 55,000. మొదటి వాయిదా షాపు దగ్గర పదకొండు నెలలుంటుంది, చివరిది ఒక్క నెలే. అన్నీ కలిపి లెక్కేస్తే ఏడాది పొడుగునా 27,500 వాళ్ల చేతిలో ఉన్నట్టు. దాని మీద 5,000 బోనస్ అంటే పద్దెనిమిది శాతం. అదే డబ్బు ఆరున్నర శాతం వడ్డీకి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చేది సుమారు 1,800. ఇక్కడిదాకా స్కీముదే పైచేయి. అయితే నగ కొనేది 60,000తో కాదు, 60,000లోంచి తరుగూ మూడు శాతం జీఎస్టీ పోగా మిగిలినదానితో. స్కీము షాపులో తరుగు పద్నాలుగు శాతం అయితే అసలు బంగారానికి దక్కేది దాదాపు 51,100. రికరింగ్ డిపాజిట్ తీసిన 56,800 పట్టుకుని ఎనిమిది శాతం తరుగు ఉన్న మరో షాపుకి వెళ్తే అక్కడా బంగారానికి దక్కేది దాదాపు అంతే. అంటే తరుగులో ఆరు శాతం తేడా ఉంటే చాలు, బోనస్ అంతా అందులో కరిగిపోతుంది. బోనస్ పూర్తి వాయిదా కాక సగమే అయితే ఒక శాతం పైచిలుకు తేడాకే లాభం పోతుంది.

‘తరుగు ఎక్కడైనా ఒకటేగా’ అనవచ్చు. కాదు. ఒకే షాపులోనే గాజుకో రేటు, రాళ్ల హారానికో రేటు. అందుకే చేరే ముందు బోనస్ ఎంతని కాక, మీరు కొనబోయే రకం నగ మీద ఈరోజు తరుగెంత, స్కీము కస్టమరుకూ అదే రేటా అని అడగాలి. కొన్ని స్కీముల్లో బోనస్‌ను డబ్బుగా కలపరు, తరుగులో ‘ఇంత శాతం దాకా’ తగ్గింపుగా ఇస్తారు. అప్పుడు తక్కువ తరుగు నగ తీసుకుంటే మిగిలిన తగ్గింపు మీకు రాదు. నాణేలకు బోనస్ వర్తించదనే షరతు కూడా మామూలే.

రెండో అపోహ, స్కీములో చేరితే ధర కట్టేసినట్టేనని. వాయిదాలు రూపాయల్లోనే జమయ్యే స్కీములో నగ తీసుకునే రోజు రేటే మీ రేటు. ఏడాదిలో బంగారం ఇరవై శాతం పెరిగితే పన్నెండో వాయిదా దాన్ని పూడ్చలేదు. ప్రతి నెలా ఆ రోజు రేటుకు గ్రాముల్లో జమచేసే స్కీములోనే పెరుగుదల మీకు కలిసొస్తుంది. ధర పడితే ఆ నష్టమూ మీదే. రసీదులో గ్రాములు రాస్తున్నారా, రూపాయలేనా అన్నది చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం: పెద్ద షాపు, డబ్బుకేం భయం లేదని. రిజిస్టర్డ్ చిట్‌ఫండ్ అయితే 1982 నాటి చట్టం ప్రకారం చిట్టీ మొత్తానికి సమానమైన పూచీ ముందే పెట్టాలి. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. నగల స్కీముకు రెండూ లేవు. అది సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు. 2014 నాటి కంపెనీ డిపాజిట్ల నిబంధనల్లో, అలాంటి అడ్వాన్సును 365 రోజుల్లోపు సరుకు ఇచ్చి సర్దితే డిపాజిట్‌గా పరిగణించరు. పదకొండు నెలల గడువు వెనుక కథ ఇదే. చెన్నైలో నాథెళ్ల సంపత్ జ్యుయెలరీ 2017లో, ముంబయి వైపు గుడ్‌విన్ 2019లో షాపులు మూసేసినప్పుడు నెలనెలా కట్టినవాళ్లు వీధిన పడ్డారు. రెండూ పేరున్న దుకాణాలే. ‘ఎన్నో షాపులు ఏళ్లుగా సక్రమంగా ఇస్తున్నాయిగా’ అన్న మాటా నిజమే. కానీ మూతపడిన రోజున మీరు హామీ లేని అప్పులవాళ్ల వరుసలో నిలబడతారు. అందుకే పదిహేను వేల వాయిదా ఒకే షాపులో కట్టడంకన్నా అయిదు వేలది కట్టడం మంచిది.

కార్డు వెనక చిన్న అక్షరాల్లో చూడాల్సినవి రెండే. మధ్యలో ఒక వాయిదా తప్పితే బోనస్ మొత్తం పోతుందా, ఆ నెలదే తగ్గుతుందా? మానేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, నగగానే తీసుకోమంటారా? ఆ పైన రసీదు మీద ముద్రించిన సంస్థ పేరూ బయట బోర్డు మీది పేరూ ఒకటేనా అన్నదీ చూసుకోవాలి. రేపు ఫిర్యాదు రాయాల్సి వస్తే రాయాల్సింది రసీదు మీది పేరు మీదే.