కట్ అయిన డబ్బు ఎక్కడుంటుంది?

తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున, ఒకే గంటలో లక్షలమంది ఒకే సైటు మీద పడతారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు మధ్య విరామంలో ఉన్న ఓ ఉద్యోగి కూడా వాళ్లలో ఉన్నాడనుకుందాం. ఇద్దరికి టికెట్లు ఎంచుకుని, 600 రూపాయలకు యూపీఐ పిన్ కొట్టాడు. డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. సైటులో మాత్రం ఎర్రర్ కనిపించింది, టికెట్ లేదు. డబ్బు ఎవరో కాజేశారనో, మునిగిపోయిందనో అప్పుడు అనిపించడం సహజమే. నిజానికి చాలాసార్లు జరిగేది వేరు. ఆ క్షణాన చెల్లింపు సఫలమో విఫలమో వ్యవస్థలో ఎవరికీ తెలియదు. ఆలస్యమంతా ఆ సంగతి తేల్చడంలోనే ఉంది.

పిన్ కొట్టాక ఏం జరుగుతుందో చూద్దాం. యాప్ పంపిన అభ్యర్థన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు చేరుతుంది. అది ముందు మన బ్యాంకును అడిగి 600 తీయిస్తుంది, ఆ తర్వాత అవతలి బ్యాంకుకు జమ చేయమని చెబుతుంది. జమ అయిందన్న సమాధానం వెనక్కి వచ్చి, అక్కణ్ణుంచి పేమెంట్ గేట్‌వేకు, గేట్‌వే నుంచి టికెట్ల సర్వరుకు చేరాలి. అప్పుడే ఆర్డరు ఖరారవుతుంది. రద్దీలో ఈ గొలుసులో ఏదో ఒక చోట జవాబు నిర్ణీత సమయంలో రాదు. జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. అవతలి బ్యాంకు జమ చేసేసి ఉండొచ్చు, ఆ మాట చెప్పే సందేశమే దారిలో పోయి ఉండొచ్చు. సందేశాలు తప్పిపోయే అవకాశమున్న దారిలో రెండు కంప్యూటర్లు ఒకే అభిప్రాయానికి వచ్చాయని పూర్తి నిశ్చయంగా తెలుసుకోలేవని 1970లలోనే కంప్యూటర్ శాస్త్రజ్ఞులు చూపించారు. ఎంత గట్టి సర్వరు పెట్టినా ఈ చిక్కు పూర్తిగా పోదు.

రెండు సెకన్లలో పోయిన డబ్బు రెండు సెకన్లలో ఎందుకు తిరిగి రాదన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు రాలేదనగానే మన బ్యాంకు 600 వెనక్కి వేసేసిందనుకోండి, అవతల జమ కూడా అయి ఉంటే ఆ మొత్తం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అందుకే బ్యాంకులు తమ తమ లెక్కలను ఒకదానితో ఒకటి సరిపోల్చుకుని, జమ కాలేదని తేలాకే రివర్సల్ చేస్తాయి. అయితే దీన్ని సాకుగా చేసుకుని రోజులు నెట్టే వీలు లేకుండా రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. వ్యక్తికి పంపిన యూపీఐ డబ్బు జమ కాకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. వ్యాపారికి కట్టిన డబ్బుకు నిర్ధారణ అందకపోతే అయిదు రోజుల్లో రావాలి. ఇవి క్యాలెండరు రోజులే, సెలవులు తీసేయరు. సోమవారం కట్ అయితే శనివారం దాకా గడువు. ఆ పైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం, ఖాతాదారు అడక్కుండానే బ్యాంకు జమ చేయాలి.

ఈ నిబంధన అన్ని కేసులకూ వర్తించదు, చాలామంది పొరబడేది ఇక్కడే. చెల్లింపు చివరిదాకా సఫలమై, టికెట్ మాత్రం పుట్టని సందర్భం ఉంటుంది. బుకింగ్ సైట్లు ఎంచుకున్న స్లాటును కొన్ని నిమిషాలే పట్టి ఉంచుతాయి. నిర్ధారణ ఆ నిమిషాలు దాటాక వస్తే స్లాటు ఇంకొకరికి పోతుంది, డబ్బు మాత్రం గేట్‌వేలో ఆర్డరు లేకుండా మిగులుతుంది. బ్యాంకు దృష్టిలో ఇది విఫలమైన చెల్లింపు కాదు. తిరిగి ఇవ్వాల్సింది అమ్మినవాళ్లే, గేట్‌వే ద్వారా, రిఫండ్ రూపంలో. అది మళ్లీ కొత్త ప్రయాణం కాబట్టి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు.

మనది ఏ కేసో యాప్ హిస్టరీ చూస్తే చాలావరకు తెలుస్తుంది. పెండింగ్ అని ఉంటే లెక్క ఇంకా తేలలేదు. ఫెయిల్డ్ అని ఉండీ డబ్బు రాకపోతే యాప్‌లోనో మన బ్యాంకులోనో ఫిర్యాదు చేయాలి. సక్సెస్ అని ఉంటే అమ్మినవాళ్లనే అడగాలి. ఎవరిని అడిగినా చూపాల్సింది ఆ లావాదేవీ కింద కనిపించే పన్నెండంకెల యూటీఆర్ నంబరు. స్క్రీన్‌షాట్ కంటే దానితోనే వాళ్లు లెక్క వెతకగలరు. పెండింగ్‌లో ఉండగానే మళ్లీ కట్టొచ్చా అంటే, స్లాటు పోతుందన్న ఆత్రం అర్థమవుతుంది, కట్టొచ్చు కూడా. కానీ రెండూ సఫలమై రెండు ఆర్డర్లు పడే అవకాశం ఉందని తెలిసి కట్టాలి. ఇక, గూగుల్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే, అవతల మోసగాళ్లుంటే రిఫండ్ కోసం పిన్ కొట్టమంటారు. పిన్‌తో డబ్బు మన ఖాతాలోంచి బయటికి పోతుందే కానీ లోపలికి రాదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే, cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు.