ఓవెన్ తిరుగుతుంది, అన్నం వేడెక్కదు

మైక్రోవేవ్ ఓవెన్‌లో లైటు వెలిగి, పళ్లెం తిరిగి, టైమరు నడిచినంత మాత్రాన లోపల తరంగాలు పుడుతున్నట్టు కాదు. లైటు, ఫ్యాను, పళ్లెం తిప్పే మోటారు మామూలు ఇంటి కరెంటుతో నడుస్తాయి. వేడి పుట్టించే ఏర్పాటు వేరు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను సుమారు 2,000 వోల్టులకు పెంచుతుంది. కెపాసిటరు, హైవోల్టేజ్ డయోడు కలిసి దాన్ని దాదాపు రెట్టింపు చేసి మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. మాగ్నెట్రాన్ ఆ విద్యుత్తును 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలుగా మారుస్తుంది. ఈ వరుసలో ఏ ఒక్కటి ఆగినా పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, అన్నం మాత్రం చల్లగానే ఉంటుంది.

ముందుగా ఓవెన్ నిజంగా ఎంత వేడి ఇస్తోందో కొలవాలి. కన్వెక్షన్, గ్రిల్ వంటి వేరే మోడ్‌లో లేదని చూసుకుని, మైక్రోవేవ్‌కు పనికొచ్చే గిన్నెలో లీటరు నీళ్లు పోసి, ఉష్ణోగ్రత చూసి, పూర్తి పవర్‌లో రెండు నిమిషాలు ఉంచాలి. బయటికి తీసి, జాగ్రత్తగా కలిపి మళ్లీ కొలవాలి. పెరిగిన డిగ్రీలను 35తో గుణిస్తే నీటికి అందిన శక్తి వాట్లలో తెలుస్తుంది. 28 డిగ్రీల నీళ్లు 48కి చేరితే 700 వాట్లు. 800 వాట్ల ఓవెన్‌కు అది సంతృప్తికరమే, ఎందుకంటే గిన్నె కూడా కొంత వేడిని లాక్కుంటుంది. అదే 36 దగ్గరే ఆగితే అందింది 280 వాట్లే. అసలు పెరగకపోతే తరంగాలు పుట్టడం లేదన్నమాట.

తరువాత చెవి పెట్టి వినాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్‌ను ఆన్ చేసిన ఒకటి రెండు సెకన్లకు ఫ్యాను చప్పుడుకు తోడు ఒక గంభీరమైన గుయ్‌మనే శబ్దం కలుస్తుంది. ఫిలమెంటు వేడెక్కి మాగ్నెట్రాన్ పని మొదలుపెట్టిందనడానికి అదే గుర్తు. ఇన్వర్టర్ రకం ఓవెన్లకు ఈ గుర్తు వర్తించదు.

ఆ శబ్దం అసలు రాకుండా ఫ్యాను ఒక్కటే వినిపిస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందడం లేదని అనుమానించాలి. తలుపు దగ్గర సాధారణంగా మూడు చిన్న స్విచ్‌లు ఉంటాయి. వాటిలో రెండు, తలుపు సరిగా మూసుకున్నాకే కరెంటును లోపలికి వదులుతాయి. మూడోది కాపలా స్విచ్. మొదటి స్విచ్ అతుక్కుపోయి తలుపు తెరిచినా కరెంటు ఆగకపోతే, అది షార్ట్ చేసి ఫ్యూజు కాల్చేస్తుంది. అప్పుడు చాలా ఓవెన్లలో లైటు కూడా వెలగదు. లైటు వెలుగుతూ వేడి రాకపోతే, కొన్ని మోడళ్లలో ఒక తలుపు స్విచ్ కొసలు కాలి ఉండవచ్చు, తలుపు కొక్కెం అరిగి స్విచ్‌ను పూర్తిగా నొక్కకపోవచ్చు, లేదా కంట్రోల్ బోర్డు మీది రిలే పాడై ఉండవచ్చు.

మామూలు కంటే బరువైన, గట్టి గుర్రుమనే శబ్దం వస్తూ వేడి లేకపోతే డయోడు షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. డయోడు కరెంటును ఒకే వైపు పోనివ్వాలి. షార్ట్ అయితే రెండు వైపులా వదిలేస్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరుగుతుంది కానీ మాగ్నెట్రాన్‌కు వోల్టేజి చేరదు. కెపాసిటరు షార్ట్ అయినా ఇలాంటి శబ్దమే రావచ్చు. ఈ డయోడును మామూలు మల్టీమీటరుతో తేల్చలేరు. లోపల అనేక జంక్షన్లు వరుసగా ఉండటంతో మంచి డయోడు కూడా రెండు వైపులా తెగిపోయినట్టే చూపిస్తుంది. అందుకే మెకానిక్‌లు 9 వోల్టుల బ్యాటరీని వరుసలో కలిపి పరీక్షిస్తారు. ఒక వైపు మాత్రమే కరెంటు పోతే డయోడు మంచిదే.

మాగ్నెట్రాన్ పాడయ్యే తీరు రెండు రకాలు. వయసు మీదపడినప్పుడు వేడి క్రమంగా తగ్గుతుంది. పై లెక్కలో 280 వాట్లు వచ్చిన ఓవెన్ ఇలాంటిదై ఉండవచ్చు. ఫిలమెంటు తెగితే మాత్రం వేడి ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోతుంది. ఫిలమెంటు రెండు కొసల మధ్య నిరోధం ఒక ఓమ్ కంటే తక్కువ ఉండాలి. కొసకూ లోహపు ఒంటికీ మధ్య కరెంటు దారి ఉండకూడదు. ఓవెన్‌ను ఖాళీగా నడపడం మాగ్నెట్రాన్ ఆయుష్షును తగ్గిస్తుంది.

డయోడు చౌకైనది, తలుపు స్విచ్ కూడా అంతే. మాగ్నెట్రాన్ ఖరీదెక్కువ కాబట్టి, పాత ఓవెన్‌లో అది పోతే కొత్తది కొనడమే మేలు కావచ్చు. అందుకే ఏ భాగం పోయిందో కొలిచి చూపించమని మెకానిక్‌ను అడగాలి.

ఇంట్లో చేయదగ్గవి నీళ్ల పరీక్ష, శబ్దం వినడం, తలుపు కొక్కేలు చూడటం వరకే. ప్లగ్గు తీసినా కెపాసిటరులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పైకప్పు విప్పే పని దాన్ని డిశ్చార్జి చేయడం తెలిసినవారికే వదలాలి. తలుపు స్విచ్‌లను తప్పించి వైరు కలపడానికి ఎవరినీ అనుమతించకూడదు.