ఎవరు గెలిచినా ఎక్కువమంది కాదనే ఎన్నిక

ఓటర్లు 60 మంది, అభ్యర్థులు ముగ్గురు. ఎవరు మొదట, ఎవరు తర్వాత, ఎవరు చివర అని ప్రతి ఓటరూ వరస రాసిచ్చాడు. ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే 1785లో అచ్చయిన తన గ్రంథంలో లెక్క కట్టి చూపిన ఎన్నిక ఇది. అభ్యర్థులను ఎ, బి, సి అందాం. బ్యాలెట్లు ఇవీ:

23 మంది: ఎ, బి, సి
17 మంది: బి, సి, ఎ
2 మంది: బి, ఎ, సి
10 మంది: సి, ఎ, బి
8 మంది: సి, బి, ఎ

మనకు అలవాటైన పద్ధతిలో మొదటి స్థానాలు మాత్రమే లెక్కపెడితే ఎకి 23, బికి 19, సికి 18. ఎ గెలిచినట్టే. రాష్ట్రపతి ఎన్నికలో లాగా చివరి అభ్యర్థిని తప్పించి, ఆ ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచినా అంతే. 1969లో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డిల మధ్య ఫలితం తేల్చింది ఆ పంపకమే. ఇక్కడ సి తప్పుకుంటే 10 ఓట్లు ఎకి, 8 ఓట్లు బికి వెళ్తాయి. 33-27తో మళ్ళీ ఎదే గెలుపు.

కానీ కొండోర్సే చూడమన్నది వేరే సంగతి. అభ్యర్థులను ఇద్దరిద్దరిగా ఎదురెదురు నిలబెట్టి, ఎక్కువమంది ఎవరి వైపున్నారో లెక్కపెట్టాలి. మిగతా ప్రతి ఒక్కరినీ అలా ఓడించినవారే అసలైన విజేత.

ఎ, బిల మధ్య పోటీలో ఎని పైన రాసినవాళ్ళు 23 మంది, 10 మంది. మొత్తం 33, కాబట్టి బి మీద ఎ గెలిచాడు. బి, సిల మధ్య బి వైపు 23, 17, 2 కలిపి 42 మంది. సి మీద బి గెలిచాడు. ఇక సి మీద ఎ సునాయాసంగా గెలవాలి కదా? బ్యాలెట్లు మళ్ళీ చూడండి. ఎ కంటే సిని పైన రాసినవాళ్ళు 17, 10, 8, అంటే 35 మంది. ఎ ఓడిపోయాడు. బిని ఎ ఓడిస్తే, సిని బి, ఎని సి. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం.

ఇందులో తికమకపడిన ఓటరు ఒక్కడూ లేడు. ప్రతివాడి వరసా తిన్నగానే ఉంది. మూడు పోటీల్లో మెజారిటీగా నిలిచినవాళ్ళు మూడు వేర్వేరు గుంపులు కావడమే దీనికి కారణం. మనిషి ఇష్టాలకు వరస ఉంటుంది గానీ, మెజారిటీల ఇష్టాలకు అది ఉండి తీరాలని లేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది దీని తర్వాతి మెట్టు. సభల్లో, కమిటీల్లో ప్రతిపాదనలను ఒకదాని తర్వాత ఒకటి ఓటుకు పెడతారు. ముందు ఎ, బిలను పోటీ పెట్టి, గెలిచిన ఎని సితో తలపడనిస్తే చివరికి సి గెలుస్తాడు. ముందు బి, సిలను పెడితే చివరికి ఎ. ముందు సి, ఎలను పెడితే చివరికి బి. ఓటర్లు వాళ్ళే, బ్యాలెట్లు అవే. విజేతను తేల్చింది ఓటింగ్ క్రమం రాసిన అధ్యక్షుడి కలం.

మరి ఈ చక్రాన్ని ఎక్కడ తెంచాలి? కొండోర్సే ఇచ్చిన దారి, అన్నిటికంటే బలహీనమైన గెలుపును వదిలేయమని. అయితే అభ్యర్థులు నలుగురు, అయిదుగురు అయినప్పుడు ఏం చెయ్యాలో అతని రాత స్పష్టంగా చెప్పదు. అమెరికన్ ఆర్థికవేత్త నికొలస్ టైడ్‌మన్ 1987లో దానికి తేటైన క్రమం ఇచ్చాడు. ముందు గెలుపులను పెద్ద తేడా నుంచి చిన్న తేడాకు పేర్చాలి. తర్వాత పైనుంచి ఒక్కొక్కటే ఖాయం చేస్తూ రావాలి. చక్రం ముడిపడేలా చేసే గెలుపు ఎదురైతే దాన్ని దాటేయాలి.

మన ఎన్నికలో పెద్దది 42-18. సి పైన బి ఖాయం. తర్వాత 35-25, ఎ పైన సి ఖాయం. మిగిలింది బి మీద ఎ గెలిచిన 33-27. దీన్నీ ఒప్పుకుంటే చక్రం ముడిపడుతుంది కాబట్టి వదిలేస్తాం. తేలిన వరస బి, సి, ఎ. మొదటి స్థానాల లెక్కలో ముందున్న ఎ అట్టడుగుకు వెళ్ళాడు.

దీన్ని సమర్థించే వాదన నాకు న్యాయంగానే తోస్తుంది. ఎవరిని గెలిపించినా ఎక్కువమంది ‘ఫలానావాడు నయం’ అనేలా ఉన్నప్పుడు, ఆ అభ్యంతరం తక్కువగా ఉన్నవాణ్ణి ఎంచుకోవడం మేలు. సిని గెలిపిస్తే బినే కావాలనేవాళ్ళు 42 మంది. ఎని గెలిపిస్తే సి కావాలనేవాళ్ళు 35. బిని గెలిపిస్తే ఎ కావాలనేవాళ్ళు 33.

జర్మనీకి చెందిన మార్కస్ షుల్జె 1997లో మరో పద్ధతి ప్రతిపాదించాడు. నేరుగా ఓడించకపోయినా, ఒకరి మీదుగా మరొకరిని ఓడించే దారి ఎంత గట్టిదో అది చూస్తుంది. ముగ్గురే ఉన్నప్పుడు ఇది కూడా బలహీనమైన గెలుపునే తెంచుతుంది. అభ్యర్థులు పెరిగితే రెండు పద్ధతులూ వేర్వేరు విజేతలను చూపవచ్చు. స్వచ్ఛంద కార్యకర్తల సాఫ్ట్‌వేర్ బృందం డెబియన్ 2003 నుంచి ఈ రకం లెక్కనే తన నిబంధనావళిలో పెట్టుకుని నాయకుణ్ణి ఎన్నుకుంటోంది.

వీటికీ ఒక హద్దుంది. మూడు గెలుపుల తేడాలూ సరిసమానమైతే బలహీనమైనదంటూ ఉండదు, చీటీలు వేయక తప్పదు. ఇంకో చిక్కు మరీ లోతైనది. పై ఎన్నికలో బి గెలిచాడని ప్రకటించాక, చిట్టచివరి వరకూ గెలిచే ఆశలేని సి ముందే పోటీ నుంచి తప్పుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించండి. మిగిలేది ఎ, బిల పోటీ ఒక్కటే, దాన్ని తెంచే చక్రమే లేదు. 33-27తో గెలుపు ఎదే.